గుర్రు మానేసిందంటే కోపం తగ్గిందని కాదు

ప్రశ్న: మా మల్లి వీధిలో దొరికిన దేశవాళీ కుక్క. ఇప్పుడు దానికి రెండేళ్లు. పొద్దున మేమిద్దరం ఆఫీసులకూ, బాబు బడికీ వెళ్లగానే కుయ్‌కుయ్‌మని మొదలుపెట్టి కాసేపటికి ఊళ అందుకుంటుందని పక్క ఫ్లాట్‌వాళ్లు చెబుతున్నారు. కాలింగ్ బెల్ మోగితే ఆగకుండా మొరుగుతుంది. అన్నం తినేటప్పుడు మా ఆరేళ్ల బాబు దగ్గరికెళ్తే గుర్రుమనేది. మావారు రెండుసార్లు గట్టిగా కొట్టాక ఆ గుర్రు మానేసింది. కానీ మొన్న ఏ చప్పుడూ లేకుండా గబుక్కున బాబు చెయ్యి కరవబోయింది. నెలరోజులకని వచ్చిన మా అత్తయ్యగారేమో రాత్రిపూట అది ఊళపెడితే ఇంటికి అరిష్టమంటున్నారు. ఏ అరుపుకి ఏమనుకోవాలి, ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు బాబు చెయ్యి ఇంకోసారి వెలుతురులో చూడండి. పన్ను గీరుకుని చర్మం ఏమాత్రం లేచినా, రక్తం రాకపోయినా సరే, సబ్బు రాసి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మల్లికి టీకాలు వేయించాం కదా అని ఆగొద్దు. టీకా కార్డు వెంట తీసుకెళ్తే ఏం చేయాలో డాక్టరుగారే చెబుతారు.

తర్వాత గిన్నె సంగతి. ఊళా, మొరుగుడూ నాలుగు రోజులు అలాగే సాగినా పరవాలేదు గానీ ఇది ఈ పూట నుంచే మారాలి. మల్లి తినే గదిలో బాబు ఉండకూడదు. వంటగదిలోనో బాల్కనీలోనో గిన్నె పెట్టి తలుపు వేసేయండి. అది తినేసి బయటికొచ్చి వేరే గదిలోకి వెళ్లాక పెద్దవాళ్లెవరైనా గిన్నె తీయాలి. ఎముకలు, నమలడానికి ఇచ్చేవి కూడా మూసిన తలుపు వెనకే. దగ్గరికి వెళ్లొద్దని బాబుకు చెప్పండి, కానీ ఆరేళ్ల పిల్లాడి జ్ఞాపకాన్ని నమ్ముకోవడం కంటే తలుపు గడియను నమ్ముకోవడం మేలు. ఆ వయసు పిల్లలు కిందికి వంగితే వాళ్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది.

కొట్టాక గుర్రు ఎందుకు ఆగిందో చూద్దాం. తిండి దగ్గర కుక్క కరవడం ఒక్కసారిగా జరగదు. ముందు తినే వేగం పెరుగుతుంది. తర్వాత తల గిన్నె మీదకి ఇంకా వంచి కదలకుండా బిగుసుకుపోతుంది. తల తిప్పకుండా కళ్లు మాత్రమే పక్కకి తిప్పి చూస్తుంది, అప్పుడు కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఆ తర్వాత పై పెదవి లేస్తుంది. అప్పటికీ ఎదుటివాళ్లు ఆగకపోతే గుర్రుమంటుంది. దానికీ ఆగకపోతే గాలిలో కొరుకుతుంది. చివరికి కరుస్తుంది. మల్లికి దెబ్బలు నేర్పింది ఒక్కటే: గుర్రుమంటే నొప్పి కలుగుతుంది. బాబు దగ్గరికొస్తే తన తిండి పోతుందేమోనన్న భయం మాత్రం అలాగే ఉంది, పైగా ఇప్పుడు పెద్దవాళ్ల చెయ్యి అంటే భయం కూడా తోడైంది. అందుకే మధ్యలో మెట్టు వదిలేసి నేరుగా కరవబోయే దాకా వచ్చింది. పన్ను తగలకపోవడం కూడా గురి తప్పడం కాకపోవచ్చు. కుక్క నోటి వేగం మన చేతి వేగం కంటే చాలా ఎక్కువ, కరవాలనుకుంటే మామూలుగా తప్పదు. అది చివరి హెచ్చరిక అనుకోండి. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని గుర్రుమనే కుక్క జోలికి మాత్రం పోకండి. ఇకమీదట మల్లి మళ్లీ గుర్రుమంటే మీరున్నచోటే ఆగి నెమ్మదిగా వెనక్కి జరగండి. దానివల్ల అది నెత్తికెక్కి కూర్చోదు, చెప్పినమాట వింటున్నారన్న ధైర్యం దానికొస్తుంది.

గుర్రుల్లో కూడా తేడా ఉంది. హంగరీలోని బుడాపెస్ట్‌లో ఎట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు రకాల గుర్రులు రికార్డు చేశారు: ఎముకను కాపాడుకునేటప్పటిది, కొత్తమనిషిని బెదిరించేటప్పటిది, ఆటలో గుడ్డ లాగేటప్పటిది. ఎముక దగ్గరికి వస్తున్న కుక్కలకు పక్కనే కప్పి ఉంచిన పెట్టెలోంచి వాటిని వినిపించారు. మొదటి రకం విన్నప్పుడు చాలా కుక్కలు ఎముక వదిలి వెనక్కి తగ్గాయి. మిగతా రెండిటికీ అంతగా లెక్కచేయలేదు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. మన చెవికి అన్నీ ఒకటే గుర్రులా వినిపించినా కుక్కలకి అందులో "ఇది నాది" అన్న మాట వేరుగా తెలుస్తోందన్నమాట. మనం మాత్రం చెవితో పాటు కంటిని కూడా నమ్ముకోవాలి. తాడు లాగే ఆటలో గుర్రు పొట్టిగా, వెంటవెంటనే వస్తుంది, నడుము, తోక వదులుగా ఊగుతుంటాయి, మధ్యలో తాడు వదిలేసి మళ్లీ తెచ్చి ఇస్తుంది. ఆ గుర్రుకి ఆట ఆపనక్కర్లేదు. గిన్నె దగ్గరి గుర్రు సన్నగా మొదలైనా లోతుగా, దీర్ఘంగా సాగుతుంది, ఒళ్లు కొయ్యలా ఉంటుంది.

ఇప్పుడు ఆ భయం తగ్గించే పని. ఇది పెద్దవాళ్లు ఒక్కళ్లే చేయాలి, బాబు ఇంట్లో వేరే గదిలో ఉండాలి. ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన కోడిమాంసం బొటనవేలి గోరంత ముక్కలు చేసుకోండి. మాంసం వండని ఇల్లయితే పనీర్ ముక్కలైనా పనికొస్తాయి. మల్లికి మామూలుగా పెట్టే అన్నమే పెట్టి, మీరు ఎంత దూరంలో నిలబడితే అది బిగుసుకోకుండా, తొందర పడకుండా తింటుందో చూడండి. ఎనిమిది అడుగులు అనుకుందాం. అంత దూరంలోనే నడుస్తూ వెళ్తూ ఒక ముక్క గిన్నె దగ్గర పడేలా విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. ఆ పూటకి ఐదారుసార్లు చేస్తే చాలు. ముఖ్యమైనది ఆగకుండా వెళ్లిపోవడమే. మీరు అక్కడ నిలబడితే ముక్క పడినా మీ మీద అనుమానం పోదు.

నాలుగైదు పూటల తర్వాత మల్లి మీ అడుగుల చప్పుడుకి తల ఎత్తి, తోక వదులుగా ఊపుతూ మీవైపు ఎదురుచూస్తుంది. గిన్నె వదిలి ఒకడుగు ముందుకి కూడా వస్తుంది. మీరు రావడం తిండి పోవడానికి కాదు, ఇంకా మంచిది దొరకడానికి అని దానికి అర్థమైందనడానికి గుర్తు అదే. వరసగా మూడు నాలుగు పూటలు ఇలా జరిగాకే ఒక అడుగు దూరం తగ్గించండి. గబగబా మింగడం, బిగుసుకోవడం, కళ్లు పక్కకి తిప్పడం కనిపిస్తే తొందరపడ్డారని లెక్క, రెండడుగులు వెనక్కి వెళ్లండి. ఇది వారాల పని, ఒక్కోసారి నెలల పని. మీకు ఫలించాక మీవారు మళ్లీ ఎనిమిది అడుగుల దగ్గర నుంచే మొదలుపెట్టాలి, అసలు కొట్టిన చెయ్యి ఆయనది కాబట్టి ఇంకో రెండడుగులు ఎక్కువ దూరం నుంచైనా మంచిదే. ఆ పూట ముక్కల మేరకు అన్నం కాస్త తగ్గించండి, లేకపోతే లావెక్కుతుంది.

"చిన్నప్పటి నుంచి గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేయాలి" అని చాలామంది సలహా ఇస్తారు. తినేవాళ్ల కంచంలో పదేపదే చెయ్యి పెడితే ఎవరికైనా చిరాకే, భయపడే కుక్కకి అది భయం నిజమేనని రుజువు చేసినట్టవుతుంది. మల్లి పట్టుకోకూడనిదేదైనా పట్టుకుంటే కూడా నోట్లోంచి లాగొద్దు. ఐదారు మాంసం ముక్కలు రెండు మీటర్ల అవతల నేలమీద చల్లి, అది అటు వెళ్లాక వస్తువు తీసేయండి. ఇంకో మాట: ఈ కాపలా ఈమధ్యే మొదలైందా? అలాగైతే పశువైద్యుడికి చూపించండి. పంటి నొప్పి, చెవిపోటు, కీళ్ల నొప్పి ఉన్న కుక్క దగ్గరికి ఎవరొచ్చినా సహించదు. ఎంత బాగుపడినా తినేటప్పుడు బాబును దూరంగా ఉంచే నియమం మాత్రం మార్చకండి. ఎవరికైనా చర్మం తెగేలా కరిస్తే మీ అంతట మీరు ఈ సాధన కొనసాగించకుండా కుక్కల ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇక పొద్దుటి ఊళ. పక్కవాళ్లు చెప్పిందాన్నిబట్టి తీర్పు చెప్పకుండా, పాత ఫోన్ ఒకటి ఇంటి తలుపు కనిపించేలా పెట్టి మీరు వెళ్లాక మొదటి 40 నిమిషాలు రికార్డు చేయండి. ఒంటరితనాన్ని తట్టుకోలేని కుక్క ఎక్కువసార్లు మొదటి అరగంటలోనే బయటపడిపోతుంది. మల్లి తలుపు సందులో ముక్కుపెట్టి, అటూ ఇటూ తిరుగుతూ, రొప్పుతూ, చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ, మీరు వదిలిన బిస్కెట్టు కూడా ముట్టకపోతే అది నిజమైన భయం. అలా కాక పడుకుని ఉండి, లిఫ్టు చప్పుడైనప్పుడల్లా లేచి నాలుగు అరుపులు అరిచి మళ్లీ పడుకుంటే అది కాపలా మాత్రమే. కిటికీ తెర వేసి, ఫ్యాన్ తిప్పి, లోపలి గదిలో పడక ఏర్పాటు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒక గంట హాయిగా నిద్రపోయి లేచాక చెప్పులు కొరికి, మధ్యమధ్య మొరిగితే అది తోచకపోవడం. పొద్దున నలభై నిమిషాలు బయట తిప్పి, నేలమీద నచ్చినంతసేపు వాసన చూడనివ్వండి.

మీరు చెప్పినట్టు వెళ్లిన వెంటనే కుయ్‌కుయ్‌మని మొదలై ఊళలోకి సాగుతోందంటే మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ. ఒంటరి కుక్క మొరుగుడు కూడా వేరుగా ఉంటుంది: స్వరం ఎత్తుగా, గరగర లేకుండా, ఒక్కొక్క అరుపు మధ్య ఎడంతో వస్తుంది. ఊళకి పుట్టుక కూడా అక్కడే ఉంది. మంద నుంచి తప్పిపోయిన తోడేలు దూరానున్న తనవాళ్లకు వినిపించేలా గొంతు సాగదీస్తుంది. మల్లి మిమ్మల్నే పిలుస్తోంది. ఈ పిలుపుకి తిట్టడం, మొరిగితే షాకిచ్చే పట్టీ కట్టడం భయాన్ని పెంచడమే.

ఇక్కడ మీ అత్తయ్యగారు ఉండటం కలిసొచ్చింది. ఇలాంటి కుక్కల్లో చాలావాటికి ఎవరో ఒకరు మనిషి ఇంట్లో ఉంటే చాలు. ఆమె ఉన్న ఈ నెల రోజులు మల్లిని ఒంటరిగా వదలాల్సిన పనే లేకుండా చూసుకోండి, ఎందుకంటే భయపడిన ప్రతి గంటా నేర్పిన పాఠాన్ని చెరిపేస్తుంది. అభ్యాసం మాత్రం సాయంత్రం అందరూ ఇంట్లోంచి బయటికి వెళ్లి చేయాలి. ముందు రెండు రోజులు తాళంచెవులు తీసుకోవడం, చెప్పులు వేసుకోవడం, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోవడం. రోజుకి పదిసార్లు. తాళాల గలగల వినగానే మల్లి లేవడం మానేశాక తలుపు దాటండి. మొదట ఐదు సెకన్లే. బయట నిలబడి ఇంకో ఫోన్‌లో వీడియో చూస్తూ, కుయ్‌మనేలోపే లోపలికి రావాలి. తర్వాత పది, ఎనిమిది, పదిహేను, ఐదు, ఇరవై సెకన్లు. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే ఈసారి ఇంకా కష్టమని అది కనిపెట్టేస్తుంది, అందుకే మధ్యలో తేలికవి కలపాలి. రోజుకి ఒకసారి, పదిహేను ఇరవై నిమిషాలు, వారంలో రెండు రోజులు సెలవు.

వీడియోలో ఆవలింతలు, పెదవులు నాక్కోవడం, తలుపు దగ్గరే నిలబడిపోవడం కనిపిస్తే ఆ రోజుకి ఆపేయండి, రేపు ఇవాళ్టి సమయంలో సగంతో మొదలుపెట్టండి. సెకన్ల నుంచి అరగంట దాకా రావడమే అసలు కష్టం. అది దాటాక ఒకేసారి ఐదు పది నిమిషాలు పెంచుకోవచ్చు. నాలుగైదు వారాలు చేసినా నిమిషం కూడా దాటలేకపోతే పశువైద్యుడితో మందుల గురించి మాట్లాడండి. ఫ్లూవోక్సెటిన్, క్లోమిప్రమీన్ అనే మందులు కుక్కల్లో సరిగ్గా ఈ ఇబ్బందికే వాడతారు. అవి మత్తు మందులు కావు, పనిచేయడం మొదలవడానికే కొన్ని వారాలు పడుతుంది, వాటితో పాటు ఈ అభ్యాసం కూడా సాగాలి. మనుషుల కోసం ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మాత్రం వేయొద్దు. అత్తయ్యగారు వెళ్లేనాటికి ఈ పని పూర్తవదు, కాబట్టి ఆ తర్వాత పగలు మల్లిని ఎవరి దగ్గర ఉంచాలో ఇప్పుడే చూసుకోండి. పక్క ఫ్లాట్‌వాళ్లకూ ఒకసారి కూర్చోబెట్టి విషయం చెబితే ఓపిక పడతారు.

భయంతో కుయ్‌మనే కుక్క దగ్గరికి వెళ్తే అలవాటవుతుందేమోనని చాలామందికి సందేహం. భయం అలా పెరగదు, వెళ్లండి. అడిగి సాధించుకునే కుయ్‌కుయ్ వేరు. మీరు భోంచేస్తుంటే మల్లి మీ కంచం వైపు, మీ ముఖం వైపు మార్చిమార్చి చూస్తూ, మీరు చూస్తున్నారో లేదో కనిపెట్టుకుంటూ కూస్తుంది. మీరు గదిలోంచి వెళ్లిపోతే ఆపేస్తుంది. దానికి ఎప్పుడూ పెట్టకూడదు. పది నిమిషాలు ఓర్చుకుని పదకొండో నిమిషంలో ముద్ద పెట్టారంటే ఇంకోసారి పదకొండు నిమిషాలు కూయాలని నేర్పినట్టే. పెట్టడం మానేసిన మొదటి రెండు మూడు రోజులు గొంతు ఇంకా పెంచుతుంది, అది తగ్గబోయే ముందు సహజంగా వచ్చేదే. అయితే తలుపు దగ్గరికి వెళ్లి కుయ్‌మంటే మాత్రం వెంటనే బయటికి తీసుకెళ్లండి, అది ఒంటేలుకి.

బెల్ సంగతి తేలిక. మూడు నాలుగు అరుపులు వెంటవెంటనే వచ్చి, ఆగి, చెవులు నిక్కించి వింటే "ఎవరో వచ్చారు, చూడండి" అని మిమ్మల్ని పిలవడం. గొంతు లోతుగా దిగి, మధ్యలో ఆగకుండా, వీపు మీద వెంట్రుకలు లేస్తే బెదిరింపు, అప్పుడు తలుపు తీసేముందు దాన్ని వేరే గదిలో పెట్టాలి. గొంతు ఎత్తుగా, ఒళ్లంతా ఊగిపోతుంటే పలకరింపు. 2005లో బుడాపెస్ట్ పరిశోధకులే రికార్డు చేసిన మొరుగుళ్లు వినిపిస్తే కుక్కను ఎన్నడూ పెంచనివాళ్లు కూడా సందర్భాలను ఊహకి వదిలేసిన దానికంటే మెరుగ్గా గుర్తుపట్టారు, కాబట్టి మీ చెవిని కొంత నమ్మండి.

మొరుగుడు రోజురోజుకీ ఎందుకు బలపడుతుందో గమనించండి. పార్సిల్ అబ్బాయి వస్తాడు, మల్లి మొరుగుతుంది, అతను వెళ్లిపోతాడు. దాని లెక్కలో తన మొరుగుడే అతన్ని పంపించింది. మీరు "నోర్ముయ్" అని అరిస్తే మీరు కూడా తోడు మొరుగుతున్నారనుకుంటుంది. మీ బెల్ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, వినీవినిపించనంత చిన్నగా పెట్టి, మోగిన వెంటనే తలుపుకి దూరంగా పరిచిన గోనెపట్టా మీద రెండు ముక్కలు వేయండి. పదిసార్లు. శబ్దం వినగానే మల్లి పట్టా వైపే చూడటం మొదలయ్యాక కొంచెం కొంచెం పెంచండి. తర్వాత ఇంట్లోవాళ్లు నిజమైన బెల్ నొక్కాలి, ఆ తర్వాతే బయటివాళ్లు. శబ్దం పెంచినప్పుడు మళ్లీ తలుపు వైపు పరుగెత్తితే ఒక మెట్టు తగ్గించండి.

రాత్రి ఊళ గురించి అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి. అది ఊళపెట్టినప్పుడు ఆమెనే బాల్కనీలోకి పిలిచి చెవి పెట్టి వినమనండి. ఎక్కువసార్లు రెండు వీధుల అవతల కుక్కల గుంపో, అంబులెన్సు సైరనో, గుడి శంఖమో వినిపిస్తుంది. కుక్క చెవికి దాదాపు 45,000 హెర్ట్జ్ దాకా అందుతుంది, మనకి 20,000 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి కొన్నిసార్లు మనకేమీ వినిపించకపోవచ్చు. వానాకాలం చివర వీధికుక్కల జతకట్టే కాలంలో ఇవి ఎక్కువవుతాయి. ఒకదానికి ఒకటి బదులివ్వడం వాటి అలవాటు, రెండు మూడు నిమిషాల్లో ఆపి ముడుచుకుని పడుకుంటే ఏమీ చేయనక్కర్లేదు. కిటికీ మూసి ఫ్యాన్ పెడితే చాలు.

చివరగా, వీటిలో దేనికీ లొంగని అరుపులు కొన్నున్నాయి, వాటికి ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. ఎత్తుకున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఒక్కసారిగా కెవ్వుమంటే ఎక్కడో నొప్పి ఉంది. చుక్కచుక్కగా పోస్తూ మూలిగితే మూత్రం దారిలో అడ్డం ఉండొచ్చు. పొట్ట ఉబ్బి, ఏమీ రాకుండా డోకుతూ, కుదురుగా ఉండలేక మూలుగుతుంటే అర్ధరాత్రైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడుపు మెలిపడి ఉంటే గంటల్లోనే ప్రాణం పోతుంది. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మన మాత్రలు వేయకండి, కుక్కలకి అవి విషంగా మారతాయి. మొరిగే గొంతే మారిపోయి బొంగురుపోయినా, చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా, నడక తూలుతున్నా గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్‌లో కూడా గొంతు ఇలాగే మారుతుంది. గదిలో పెట్టి గడియవేసి, పశువైద్యుడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన చెప్పేదాకా ఎవర్నీ లోపలికి వెళ్లనివ్వకండి.